వెనక్కి చేరాలంటే ఎన్ని గడులు?

డార్టర్ అనే వ్యాపార పట్టణంలో ఇళ్ల మధ్య సందు. కింద ఆటగాడి చిన్న దండు నిలబడి ఉంది. ఎత్తయిన ఇంటి కప్పు మీద విల్లు పట్టుకుని ఒక శత్రువు. ఇంకా ముందుకు పోతే మంత్రగాళ్లు, కత్తి పట్టిన ఒక యోధుడు. ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది చావుదెబ్బ తినేది ఈ పోరాటంలోనే. అప్పటిదాకా ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్లను కొట్టుకుంటూ వచ్చినా గడిచిపోతుంది. ఇక్కడ మాత్రం కప్పు మీద వాడు బాణాలు వేస్తూనే ఉంటాడు, మన కత్తి వాడి దాకా అందదు. మెట్టూ గోడా చూసుకుంటూ పైకి ఎక్కబోతే, ఈలోగా మంత్రగాళ్లు తమ పని కానిచ్చేస్తారు.

జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1997లో ప్లేస్టేషన్ కోసం ఈ ఆటను విడుదల చేసింది. దర్శకుడు యాసుమి మత్సునో. అంతకు రెండేళ్ల ముందే క్వెస్ట్ అనే సంస్థలో ఉండగా ‘టాక్టిక్స్ ఓగర్’ అనే ఆటకు నాయకత్వం వహించి, ఎత్తుపల్లాల మైదానాల మీద ఇలాంటి యుద్ధాలు నడిపించిన మనిషే ఆయన. ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ను 2007లో పీఎస్‌పీ కోసం, 2025లో ఇప్పటి యంత్రాల కోసం మళ్లీ తీర్చిదిద్ది విడుదల చేశారు. గడుల మీద ఆడే వ్యూహ ఆటల్లో ఎత్తు, ముఖం ఎటు ఉంది, ఎంత దూరం కదలగలం అనే మూడు విషయాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో తెలుసుకోవడానికి దీనికి మించిన ఉదాహరణ వెతకక్కర్లేదు. ఈ మూడింటినీ మూడు వేర్వేరు లాభాలుగా లెక్కపెట్టుకునేవాళ్లు డార్టర్‌లో ఓడిపోతుంటారు. నిజానికి అక్కడ చెల్లుబాటయ్యే డబ్బు ఒక్కటే, కదలిక. మిగతా రెండూ దానితో కొనుక్కోవాల్సినవే.

మైదానం ఎలా ఉంటుందో ముందు చూద్దాం. నేలంతా చదరపు గడులు. ప్రతి గడికీ ఒక ఎత్తు ఉంటుంది, ఆ అంకె తెర మీద కనిపిస్తుంది. ప్రతి పాత్రకూ రెండు కదలిక సంఖ్యలు ఉంటాయి. మూవ్ అంటే ఒక వంతులో ఎన్ని గడులు నడవగలదో. జంప్ అంటే ఒక గడి నుంచి పక్క గడికి ఎంత ఎత్తు ఎక్కగలదో. మూలగా అడుగు వేయడం లేదు. ముందుకో వెనక్కో పక్కకో మాత్రమే. సొంతవాళ్లు అడ్డొస్తే వాళ్ల గడి మీదుగా దాటిపోవచ్చు, శత్రువు నిలబడిన గడి మీదుగా మాత్రం పోకూడదు. ఈ చివరి నియమం చూడటానికి చిన్నదే కానీ, తర్వాత లెక్కంతా దీని మీదే నిలబడుతుంది.

వంతు ముగిసేటప్పుడు ఆట ఒక ప్రశ్న అడుగుతుంది: పాత్ర ముఖం ఎటు తిప్పాలి? నాలుగు దిక్కుల్లో ఒకటి ఎంచుకోవాలి. కొత్తవాళ్లు ఇది ఏదో అలంకారం అనుకుని చూడకుండా బటన్ నొక్కేస్తారు. మళ్లీ తన వంతు వచ్చేదాకా ఆ పాత్ర అలాగే నిలబడి ఉంటుందనీ, ఈలోగా నలుగురైదుగురు శత్రువుల వంతులు రావచ్చనీ తర్వాత తెలిసొస్తుంది.

ముఖం ఎటు ఉందన్నది ఎందుకు అంత ముఖ్యం? వెనకనుంచి కొడితే దెబ్బ బలంగా తగులుతుందని చాలామంది నమ్మకం. ఈ ఆటలో అది నిజం కాదు. ఎదురుగా కొట్టినా వెనకనుంచి కొట్టినా తగిలిన దెబ్బ బలం ఒక్కటే. మారేది తగిలే అవకాశం. అదెలా మారుతుందో అర్థం కావాలంటే, దెబ్బ తప్పించుకోవడానికి పాత్ర దగ్గర ఏమేం ఉంటాయో చూడాలి.

మొదటిది ఒంటి చురుకు. ఇది వృత్తిని బట్టి వస్తుంది. నైట్ అనే కవచధారి యోధుడికి 10 శాతం, థీఫ్ అంటే దొంగకు 25 శాతం, నింజాకు 30 శాతం. రెండోది డాలు. మామూలు డాలు 10 శాతం దెబ్బలను ఆపుతుంది, బంగారు డాలు 25 శాతం ఆపుతుంది. మూడోది భుజాల మీద కప్పుకునే వస్త్రం. చిన్న వస్త్రమైతే 10 శాతం. ఇవి కాక కత్తితోనే దెబ్బను అడ్డుకునే నైపుణ్యం ఒకటి ఉంది గానీ, దాన్ని విడిగా నేర్చుకుని పెట్టుకుంటేనే పనిచేస్తుంది. లెక్క తేలికగా ఉండాలి కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఎదురుగా వచ్చిన దెబ్బకు ఇవన్నీ పనిచేస్తాయి. పక్కనుంచి వస్తే ఒంటి చురుకు పనిచేయదు, డాలూ వస్త్రమూ మిగులుతాయి. వెనకనుంచి వస్తే డాలు కూడా పనికిరాదు, వస్త్రం ఒక్కటే దిక్కు. వీటిని కూడరు. ఒక్కొక్కటిగా గుణించుకుంటూ పోతారు. అంటే దెబ్బ ముందు ఒక అడ్డంకి దాటాలి, దాటితే రెండోదాన్ని, ఆ తర్వాత మూడోదాన్ని.

బంగారు డాలు పట్టుకున్న నైట్‌ను తీసుకుందాం. వస్త్రం లేదు. ఎదురుగా కొడితే 0.90ని 0.75తో గుణిస్తే 0.675, అంటే మూడు దెబ్బల్లో సుమారు రెండు తగులుతాయి. పక్కనుంచి అయితే 75 శాతం. వెనకనుంచి అయితే నూటికి నూరు. ఇప్పుడు దొంగను చూడండి. అతని దగ్గర డాలు లేదు. ఎదురుగా 75 శాతం. పక్కనుంచి 100 శాతం. వెనకనుంచీ 100 శాతమే. మంత్రగాడి సంగతి ఇంకా తేలిక. అతని ఒంటి చురుకు 5 శాతం, డాలు లేదు. ఎదురుగా కొట్టినా 95 శాతం తగులుతుంది.

ఈ మూడు వరసల్లోనే అసలు కిటుకంతా ఉంది. దొంగను కొట్టాలంటే పక్కకు చేరితే చాలు, వెనక్కి వెళ్లడం దండగ. నైట్ దగ్గర పక్కకు చేరితే దక్కేది 7.5 శాతం మాత్రమే, వెనక్కి చేరితే ఇంకో 25. ఎందుకంటే అతని బలం ఒంట్లో లేదు, డాలులో ఉంది. డాలు పక్కను కూడా కాస్తుంది. మంత్రగాడి వెనక్కి పరుగెత్తడం శుద్ధ అమాయకత్వం. ఎక్కడ నిలబడ్డా దెబ్బ తగులుతుంది, దానికోసం నాలుగు గడులు తగలేసుకుని శత్రువుల మధ్య ఇరుక్కోవడం ఎందుకు? అయినా వెనకే మంచిదని ఎక్కడో విని, అందరి వెనక్కీ పరుగెత్తే ఆటగాళ్లు ఎంతమందో. ఈ ఆటలో పెద్ద మృగాలూ భూతాలూ డాలు పట్టవు కాబట్టి వాటికీ దొంగ లెక్కే వర్తిస్తుంది: పక్కకు చేరితే చాలు.

ఇక ఖర్చు సంగతి. శత్రువు మనకు సూటిగా రెండు గడుల దూరంలో, మనవైపే ముఖం పెట్టి నిలబడ్డాడనుకుందాం. నేల చదునుగా, ఖాళీగా ఉంది. చేతిలో కత్తి, అంటే పక్క గడిలోకి చేరితేనే కొట్టగలం. ఎదురుగా కొట్టడానికి ఒక్క అడుగు వేస్తే సరిపోతుంది. పక్కకు చేరాలంటే ముందుకు రెండు, పక్కకు ఒకటి, మొత్తం మూడు. వెనక్కి చేరాలంటే? అతని గడి మీదుగా పోనివ్వరు. కాబట్టి పక్కకు ఒకటి, ముందుకు మూడు, మళ్లీ లోపలికి ఒకటి. మొత్తం ఐదు. దూరం ఎంతున్నా తేడా మారదు: ఎదురు నుంచి పక్కకు రెండు అడుగులు ఎక్కువ, పక్క నుంచి వెనక్కి ఇంకో రెండు.

ఈ ధర పక్కన పాత్రల జేబులు పెట్టి చూడండి. నైట్ మూవ్ 3. ఇంత దగ్గరున్న శత్రువు పక్కకు చేరగలడు, వెనక్కి చేరలేడు. దొంగ మూవ్ 4. అతనూ వెనక్కి చేరలేడు, ఒక్క అడుగు తక్కువ పడుతుంది. ఆ ఒక్క అడుగు పెంచే నైపుణ్యం పేరు ‘మూవ్ ప్లస్ వన్’. దాన్ని ఆట మొదట్లో వచ్చే స్క్వైర్ అనే వృత్తిలోనే నేర్చుకోవచ్చు. చూడటానికి అల్పంగా కనిపిస్తుంది. ఒక గడే కదా అనిపిస్తుంది. కానీ చదును నేల మీద మూవ్ 3 ఉన్నవాడు చేరగలిగే గడులు 24, మూవ్ 4 ఉంటే 40, మూవ్ 5 ఉంటే 60. అడుగులు ఒకటి చొప్పున పెరుగుతుంటే చేరగలిగిన నేల 16, 20 గడుల చొప్పున పెరుగుతోంది. అంతకన్నా ముఖ్యంగా, 4 దగ్గర అందని వెనక గడి 5 దగ్గర అందుతోంది. దెబ్బ బలం పెంచే నైపుణ్యాలు ఎన్ని ఉన్నా అనుభవజ్ఞులు ముందు దీన్నే నేర్పించడానికి కారణం ఇదే.

వెనక గడి అసలు దొరక్కుండా చేసుకోవడం రక్షణ పక్షం ఎత్తు. గోడకు ఆనుకుని నిలబడితే వెనక గడే లేదు. మూలలో నిలబడితే ఒక పక్క కూడా పోయినట్టే. గోడ లేనిచోట సొంత మనిషినే వెనక నిలబెట్టవచ్చు. మన పల్లెల్లో ఆడే పులి–మేకలో మేకను పులి చంపాలంటే దాని వెనక స్థానం ఖాళీగా ఉండాలి. అక్కడ ఇంకో మేక ఉంటే పులి దూకలేదు. ఇక్కడా దాదాపు అదే పద్ధతి, ఇద్దరు వీపులు ఆనించి నిలబడితే కత్తివాళ్లకు ఇద్దరి వెనకా దొరకదు. అయితే విల్లు పట్టినవాడికి ఈ ఎత్తు చెల్లదు. వెనక అంటే ఆనుకుని ఉన్న ఒక్క గడే కాదు, ఆ పాత్ర వీపు వైపు రెండు మూలల దిశల మధ్య ఉన్న ప్రాంతమంతా వెనకే. నాలుగు గడుల అవతల నిలబడి వీపులోకి బాణం వేసినా డాలు అడ్డుకోదు.

ఇప్పుడు ఎత్తు. ఇది రెండు రకాలుగా పనిచేస్తుంది, ఒకటి కాళ్లకు, ఒకటి ఆయుధాలకు.

కాళ్ల సంగతి జంప్ చూసుకుంటుంది. నైట్ జంప్ 3, దొంగ జంప్ 4. అంటే 4 ఎత్తున్న అరుగు నైట్‌కు గోడ, దొంగకు మెట్టు. మధ్యలో ఖాళీ గుంత ఉంటే దాన్ని దూకి దాటడం కూడా జంప్ ఎంత ఉందన్న దాన్ని బట్టే. దీనివల్ల కదలిక లెక్క చదును నేల మీద వేసినట్టు ఉండదు. కాగితం మీద ఐదు గడుల దూరంలో ఉన్న వెనక గడి, మధ్యలో ఒక గట్టు అడ్డొస్తే తొమ్మిది గడుల చుట్టుదారి అవుతుంది. మూవ్ ఎంత పెంచుకున్నా జంప్ చాలకపోతే అది చిల్లిగవ్వకు కొరగాదు. ఆర్చర్, థీఫ్ వృత్తుల్లో జంప్ పెంచే నైపుణ్యాలు ఉన్నాయి గానీ, వాటికీ మూవ్ ప్లస్ వన్‌కూ పెట్టుకునే చోటు ఒక్కటే. ఒక పాత్రకు కదలిక నైపుణ్యం ఒకే ఒక్కటి. అడుగుల లెక్క కావాలో, ఎక్కే లెక్క కావాలో పోరాటానికి ముందే తేల్చుకోవాలి. దూరమూ ఎత్తూ రెండూ పట్టించుకోకుండా మాయమై వేరేచోట తేలే నైపుణ్యం టైమ్ మేజ్ దగ్గర ఉంది. అయితే తన మూవ్‌కు మించిన ప్రతి గడికీ పది శాతం చొప్పున విఫలమయ్యే ప్రమాదం పెరుగుతుంది. విఫలమైతే ఉన్నచోటే ఉండిపోతాడు, ఆ వంతులో కదలిక పోయినట్టే.

ఆయుధాల సంగతికి వస్తే, ఇక్కడా చాలామంది పొరబడేది ఒకటుంది. ఎత్తులో నిలబడ్డందుకు ఈ ఆటలో మామూలు దెబ్బ బలం పెరగదు, తగిలే శాతమూ పెరగదు. కత్తివాడికి ఎత్తు వల్ల వచ్చే లాభం, కింద ఉన్నవాళ్లు తన దాకా రాలేకపోవడమే. కప్పు అంచున నిలబడ్డవాణ్ని కింద పక్క గడి నుంచి కత్తితో కొట్టబోతే అందదు. నేల మీద రెండూ పక్కపక్క గడులే అయినా ఎత్తు తేడా కత్తి అందే పరిధిని మించిపోతుంది.

నిజంగా ఎత్తు కలిసొచ్చేది విల్లుకు. మామూలుగా విల్లు 3 నుంచి 5 గడుల దూరంలో ఉన్నవాణ్ని కొడుతుంది. మరీ దగ్గరున్నవాణ్ని కొట్టలేదు. లక్ష్యం కన్నా ప్రతి 2 ఎత్తుకూ ఒక గడి చొప్పున దూరం పెరుగుతుంది. లక్ష్యం పైన ఉంటే అదే లెక్కన తగ్గుతుంది. విలుకాడు కిందివాళ్ల కన్నా 4 ఎత్తు పైన ఉన్నాడనుకుందాం. అతని బాణం 7 గడుల దాకా పోతుంది. కింద నుంచి అదే విల్లుతో అతన్ని కొట్టాలంటే 3 గడుల దూరానికి రావాలి, అంతకన్నా దగ్గరైనా కుదరదు. చుట్టూ నేలంతా ఒకే మట్టంలో ఉంటే, చదును మీద అతను కొట్టగలిగే గడులు 48. కప్పు మీద నుంచి 100. అదే విల్లు, అదే మనిషి. బాణం శక్తి ఏమీ పెరగలేదు. ఎవరిని కొట్టాలో ఎంచుకునే స్వేచ్ఛ రెట్టింపు దాటింది, అంతే. అతని మీదికి వెళ్లేవాళ్లు రెండు గడులు ముందుగానే బాణాలు తినడం మొదలుపెడతారు.

అడ్డంగా పట్టుకుని కొట్టే క్రాస్‌బోకు ఈ లాభం లేదు. దాని బాణం సూటిగా పోతుంది. మధ్యలో స్తంభమో గోడో ఉంటే దానికే తగులుతుంది. మామూలు విల్లు బాణం వంపుగా లేచి దిగుతుంది కాబట్టి చాలా అడ్డంకులు దాటిపోతుంది. మంత్రాల తీరు ఇంకోలా ఉంటుంది. మొదట్లో దొరికే అగ్ని మంత్రం లక్ష్యం చుట్టూ పక్క గడులకూ పాకుతుంది. కానీ ఎత్తులో 1 తేడా దాకానే. కాబట్టి మెట్ల మీద దండును 2 ఎత్తు ఎడంతో నిలబెడితే ఒకే మంత్రం ఇద్దరికీ తగలదు. మంత్రానికి ముఖం ఎటు ఉందన్నదీ పట్టదు. ఎదురూ వెనకా అన్న భేదం కత్తులకూ బాణాలకూ మాత్రమే.

ఇప్పుడు డార్టర్‌లో కప్పు మీద నిలబడినవాడు ఎందుకు అంత విసిగిస్తాడో తెలిసిపోయింది కదా. అతని బలం విల్లులో లేదు. అతని దాకా వెళ్లే దారి పొడవులోనూ, ఆ దారిలో మన జంప్‌కు అందని గోడల్లోనూ ఉంది. దీనికి విరుగుడు కూడా అక్కడే ఉంది. విల్లు మరీ దగ్గరివాళ్లను కొట్టలేదు కాబట్టి కప్పు మీదికి ఒక్కడు చేరినా ఆట మారిపోతుంది. జంప్ 4 ఉన్న దొంగ లాంటివాడు పక్క గోడ మీదుగా ఎక్కి అతన్ని ఆనుకుని నిలబడితే చాలు. అతని వెనక్కి పోనక్కర్లేదు. అతని చేతిలో డాలు లేదు, ఒంటి చురుకు 10 శాతమే. కింద ఉన్న మిగతావాళ్లు ఆ ఒక్కడు ఎక్కేదాకా ఇంటి గోడలకు ఆనుకుని, అతని బాణానికి అందని చోట ఉండగలిగితే సగం గెలిచినట్టే. చాలామంది చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. మొత్తం దండంతా కప్పు వైపే పరుగెత్తుతుంది, మంత్రగాళ్లకు గుంపుగా దొరికిపోతుంది.

కదలికకు ఇంకో ఖర్చు కూడా ఉంది. అది కంటికి అంత కనపడదు. ఈ ఆటలో వంతులు వరసగా రావు. ప్రతి పాత్రకూ ఒక గడియారం ఉంటుంది. ఆట గడియారం ఒక్కసారి టిక్కుమన్నప్పుడల్లా పాత్ర వేగం ఎంతో అన్ని అంకెలు ఆ లెక్కకు కలుస్తాయి. 100కు చేరగానే వంతు వస్తుంది. ఆ వంతులో కదిలి, కొట్టి ముగిస్తే లెక్క 100 తగ్గుతుంది. కదలడమో కొట్టడమో ఒక్కటే చేస్తే 80 తగ్గుతుంది. ఏదీ చేయకుండా ఉంటే 60. వేగం 8 ఉన్న పాత్ర సరిగ్గా 100 దగ్గర ఉండగా రెండూ చేస్తే మళ్లీ వంతు రావడానికి 13 టిక్కులు పడుతుంది. కదలకుండా కొడితే 10 టిక్కులే. అంటే నైట్‌ను పక్కనుంచి కొట్టడానికి రెండడుగులు వేసి 7.5 శాతం సంపాదించినవాడు, దాంతోపాటు మూడు టిక్కులు పోగొట్టుకున్నాడు. ఎదురుగా ఆనుకునే ఉన్నప్పుడు కదలకుండా కొట్టడమే చాలాసార్లు లాభం. అదే వెనక్కి చేరగలిగితే, 67 శాతం నూరవుతుంది కాబట్టి ఆ మూడు టిక్కులు ఇచ్చుకోవచ్చు. ఈ బేరం పాత్రను బట్టి మారుతుంది. తెర మీద శాతం కనిపిస్తుంది, టిక్కులు మాత్రం తనే గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఆటలో ఒక అంశం మత్సునో బృందం తెలివికి అసలు నిదర్శనం అనిపిస్తుంది. పాత్రకు ఆభరణం పెట్టుకునే చోటు ఒక్కటే. దెబ్బ తప్పించే వస్త్రం అక్కడికే వెళ్తుంది. మూవ్‌ను ఒకటి పెంచే యుద్ధ పాదరక్షలూ అక్కడికే వెళ్తాయి. వీపును కాపాడేది ఈ లోకంలో వస్త్రం ఒక్కటే అని ఇందాక చూశాం. శత్రువు వీపు దాకా చేర్చేది ఆ అదనపు అడుగు. రెండూ ఒకేచోట పోటీ పడుతున్నాయి. పాదరక్షలు వేసుకుని శత్రువుల మధ్యకు దూసుకుపోయినవాడి వీపు పూర్తిగా బట్టబయలు. వస్త్రం కప్పుకున్నవాడు నిలబడగలడు గానీ ఎవరి వెనక్కీ చేరలేడు. బంగారు డాలు పట్టిన మన నైట్‌కు చిన్న వస్త్రం తొడిగితే ఎదురు దెబ్బ 60 శాతానికి, పక్క దెబ్బ 67 శాతానికి, వెనక దెబ్బ 90 శాతానికి దిగుతాయి. అన్ని వైపులా కొంచెం కొంచెం. దానికి బదులు పాదరక్షలు వేస్తే మూవ్ 4 అవుతుంది. అతను చేరగలిగే గడులు 24 నుంచి 40కి పెరుగుతాయి. సందు కాయాల్సినవాడికి వస్త్రమే మేలు. కప్పు ఎక్కాల్సినవాడికి, చుట్టుతిరిగి వెళ్లాల్సినవాడికి పాదరక్షలే. దండులో అందరికీ ఒకటే తొడిగే ఆటగాడు ఈ తేడా గమనించలేదన్నమాట.

ఇదంతా కూలిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఆర్చర్ వృత్తిలో కాన్సన్‌ట్రేట్ అనే నైపుణ్యం ఉంది. అది పెట్టుకున్నవాడికి ఎదుటివాడి చురుకు, డాలు, వస్త్రం ఏదీ అడ్డు కాదు. ఎటునుంచి కొట్టినా తగులుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లడమన్న ప్రశ్నే లేదు. అవతలి పక్షాన సమురాయ్ వృత్తిలో బ్లేడ్ గ్రాస్ప్ ఉంది. దాన్ని పెట్టుకున్నవాడు తన ధైర్యం అంకె ఎంతో అంత శాతం అవకాశంతో దెబ్బను పట్టేస్తాడు, అది వీపు వైపు నుంచి వచ్చినా సరే. ధైర్యం 90 దాటించుకుంటే అతని ముఖం ఎటు ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. ఆట చివరికొచ్చేసరికి చాలామంది వీటితోనే నెట్టుకొస్తారు. మొదట్లో అంత జాగ్రత్తగా చూసుకున్న దిక్కుల లెక్క పక్కకు పోతుంది. ఇంత చక్కగా కట్టిన నిర్మాణానికి తనే కన్నం పెట్టుకుంది ఈ ఆట.

ఇంకో ఆటకు మారితే ఇవే మాటలు వేరే పనులు చేస్తాయి. స్క్వేర్ ఎనిక్స్ 2022లో తెచ్చిన ‘ట్రయాంగిల్ స్ట్రాటజీ’లో వెనకనుంచి కొడితే దెబ్బ బలమే పెరుగుతుంది. అది ప్రతిసారీ క్రిటికల్ దెబ్బ అవుతుంది. పైనుంచి కొట్టినా బలం పెరుగుతుంది. అక్కడ మంత్రగాడి వెనక్కి వెళ్లడం అమాయకత్వం కాదు, వెళ్లి తీరాలి. ఫిరాక్సిస్ 2012లో తెచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’లో సైనికుడి ముఖం ఎటు ఉందన్న లెక్కే లేదు. సైనికుడు దేని చాటున ఉన్నాడన్నదే లెక్క. సగం చాటు ఉంటే తగిలే అవకాశం 20 తగ్గుతుంది, పూర్తి చాటు ఉంటే 40. ఎత్తు నుంచి కాల్చేవాడికి 20 కలుస్తుంది. అంటే ఎత్తు ఎక్కితే ఎదుటివాడి సగం చాటు చెల్లిపోతుంది, పూర్తి చాటులో సగం పోతుంది. ఆ గోడ కప్పని వైపుకు చేరితే మొత్తం 40 ఒక్కసారిగా పోతుంది, పైగా క్రిటికల్ అవకాశం పెరుగుతుంది. 1990లో ఫామికామ్ మీద మొదలైన ‘ఫైర్ ఎంబ్లెమ్’ పరంపరలో మొదటి ఆటల్లో ముఖమూ లేదు, ఎత్తు లెక్కా లేదు. కోటా అడవీ లాంటి నేల రకమే రక్షణ.

కాబట్టి కొత్త ఆట చేతికి వచ్చినప్పుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఒకే శత్రువును ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి లక్ష్యం చేసి, కొట్టే ముందు తెర చూపించే రెండు అంకెలు చూడాలి: తగిలే శాతం ఎంత, దెబ్బ బలం ఎంత. శాతం మాత్రమే మారితే ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ దారి. అప్పుడు డాలు ఉన్నవాళ్ల వెనక్కి, డాలు లేనివాళ్ల పక్కకు. బలం కూడా మారితే ట్రయాంగిల్ స్ట్రాటజీ దారి, అందరి వెనక్కీ. ఏదీ మారకపోతే ముఖం బొమ్మ కోసమే. ఎత్తుకూ ఇదే పరీక్ష, రెండు మెట్లు ఎక్కి మళ్లీ చూడటమే. అయితే 1997 నాటి ఆటలో ఒకసారి నడిచాక వెనక్కి రావడం కుదరదు. అందుకని ఈ పరీక్షను ఓడినా పెద్దగా నష్టం లేని చిన్న పోరాటంలో చేసుకోవాలి, డార్టర్‌కు చేరకముందే.